రాలేని వక్త గొంతు: రెండు నిమిషాల యాభై సెకన్ల రికార్డింగ్ వెనక కథ

సభల్లో ఇతరులు మాట్లాడాల్సిన మాటలు రాసిపెట్టడం నా పని. ఈ కేసులో మనుషుల పేర్లు, ఊరు, సంస్థ చెప్పడం లేదు. పోల్చుకునే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. పని జరిగిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

వంతెనల ఇంజనీరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు స్మారకోపన్యాసం ఇవ్వాలి. వంతెన మీద ఎండా చలీ చేసే పని ఆయన విషయం. ఉపన్యాసం మొత్తం రాసి సిద్ధం చేసుకున్నారు. సభకు వారం ముందు నడుము పట్టేసింది. పది నిమిషాలకు మించి కూర్చోవద్దని డాక్టరు ఖాయంగా చెప్పేశారు. ఉపన్యాసం వాయిదా వేయడం కుదరదు కాబట్టి, ఒకప్పుడు ఆయన దగ్గర జూనియర్‌గా చేరి ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్న ఒకావిడ దాన్ని చదివేలా ఒప్పందం కుదిరింది. చదవడానికి ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది.

అయితే చదివే మనిషి వేరు, ఆ అనుభవం ఉన్న మనిషి వేరు. అందుకని ముందు పెద్దాయనే ఒక అయిదు నిమిషాలు రికార్డింగ్‌లో మాట్లాడి, సభను ఆవిడకు అప్పగించాలని నిర్వాహకులు అనుకున్నారు. నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇది: "అక్కడే ఉండి మాట్లాడినట్టు ఉండాలండీ. రికార్డింగ్ అని తెలియకూడదు."

ఈ అడగడంలో రెండు కోరికలున్నాయి. మొదటిది సాధ్యమే. రెండోది ఎందుకు పనికిరాదో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మొదటి ప్రయత్నం: వీడియో

ఆయన ఇంటికి వెళ్ళేసరికి స్క్రిప్టు సిద్ధంగానే ఉంది. సంస్థవాళ్ళు ముందే రాసి పంపారు. మొదటి వాక్యం ఇలా ఉంది:

"అనివార్య కారణాల వల్ల ఈ మహత్తర సభకు స్వయంగా హాజరు కాలేకపోతున్నందుకు ఎంతగానో చింతిస్తూ, నా ప్రసంగ పాఠాన్ని నా పూర్వ సహోద్యోగిని చదివి వినిపించనున్నారని సవినయంగా తెలియజేసుకుంటున్నాను."

ఇందులో తప్పేమీ లేదు. ఉత్తరంలో అయితే బాగానే ఉంటుంది. మంచానికి ఎదురుగా స్టాండు మీద ఫోన్ పెట్టి, పక్కనే టాబ్లెట్లో ఈ అక్షరాలు కదులుతుంటే ఆయన చదివారు. రికార్డింగ్ తిరిగి చూస్తే మూడు విషయాలు తెలిశాయి.

ఒకటి, కళ్ళు. అక్షరాలు కెమెరా పక్కన ఉన్నాయి కాబట్టి చూపు మన మీద నిలవలేదు. ఎడమ నుంచి కుడికి సన్నగా జరుగుతూ, మళ్ళీ ఎడమకు దూకుతోంది. తెర మీద మొహం పెద్దదయ్యేకొద్దీ ఈ కదలిక ఇంకా బాగా కనిపిస్తుంది. రెండు, ఊపిరి. దిండ్లకు ఆనుకుని వాలి ఉన్న మనిషికి నిండా ఊపిరి అందదు. ఆ పొడుగు వాక్యం మధ్యలో "చింతిస్తూ" దగ్గర ఆగిపోయి, గాలి పీల్చుకుని, మళ్ళీ ఎత్తుకున్నారు. వినేవాళ్ళకు అది నొప్పిలా వినిపిస్తుంది. మూడోది ఆయన కూతురు చెప్పింది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ, "నాన్నని ఇలా ఎవరూ చూడక్కర్లేదండీ," అంది.

నిజమే. మంచం మీద మనిషి కనిపిస్తే సభకు వంతెన గుర్తుండదు, జబ్బే గుర్తుంటుంది. తర్వాత ఆయన ఎంత సరదాగా మాట్లాడినా వెనక జాలి నడుస్తూనే ఉంటుంది. కుర్చీలో ఒక్క అయిదు నిమిషాలు కూర్చోబెట్టి తీద్దామన్న ఆలోచన వచ్చింది కానీ, అయిదు నిమిషాల రికార్డింగ్ అంటే నాలుగైదుసార్లు తీయాలి. డాక్టరు చెప్పిన పది నిమిషాలు మొదటి రెండు సార్లతోనే అయిపోతాయి.

ఆడియో తీయాలని అక్కడే నిర్ణయించుకున్నాం. ఆయన గొంతుకు జబ్బేమీ లేదు.

రెండో ప్రయత్నం: లైవ్ అని నమ్మించడం

వీడియో మానేశాక నిర్వాహకుల రెండో కోరిక మీద పడ్డాను. అప్పటికి నాకూ అది చమత్కారంగానే అనిపించింది. స్క్రిప్టులో ఇలాంటివి పెట్టాను: "అందరికీ శుభోదయం. హాలు నిండుగా ఉన్నట్టుంది! మీ చప్పట్లు ఇక్కడికి వినిపిస్తున్నాయి." చప్పట్ల కోసం నాలుగు సెకన్లు ఖాళీ కూడా వదిలాను.

పెద్దాయన చదివారు, బాగానే వచ్చింది. ఆ రాత్రి సంస్థలో ఈ ఏర్పాట్లతో సంబంధం లేని ఆరుగురిని కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా వినిపించాం. ఆరుగురు చప్పట్లు కొడితే అది రెండు సెకన్లు కూడా నిలవలేదు. మిగతా రెండు సెకన్లూ గదిలో ఎవరో ఏదో మర్చిపోయినట్టు నిశ్శబ్దం. ఆ తర్వాత "మీ చప్పట్లు వినిపిస్తున్నాయి" అనేసరికి ఒకాయన నవ్వాడు, అది మేం కోరుకున్న నవ్వు కాదు. ఇంకొకాయన లేచి ఫోన్ వైపు వంగి "సార్, ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగాడు. జవాబు రాలేదు, గొంతు తన దారిన తను మాట్లాడుతూ పోయింది. రికార్డింగ్ అని అర్థమయ్యాక ఆయన మొహం చూశాను. కోపం కాదు, చిన్నబుచ్చుకున్నాడు. ఆ తర్వాత పెద్దాయన చెప్పిన ఏ మాటా ఆయన వినలేదు.

నా తప్పు అక్కడ తెలిసింది. లైవ్ అనిపించడానికి నేను పెట్టిన వాక్యాలన్నీ అవతల ఏం జరుగుతోందో ఆయనకు తెలిసినట్టు చెప్పేవే. వాటిలో ఒక్కటి తేడా వచ్చినా మోసం బయటపడుతుంది. చప్పట్లు, జనం, పొద్దు, వీటిలో ఏదీ మన చేతిలో లేదు. కానీ మనకు దగ్గరివాళ్ళు ఉత్తరం రాస్తే వాళ్ళు ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది, వాళ్ళు మనల్ని చూస్తున్నట్టు నటించకపోయినా. ఆ దగ్గరితనం వేరే చోటినుంచి వస్తోంది. నన్ను ఉద్దేశించే మాట్లాడుతున్నారని తెలియడంలోనే అది ఉంది.

అందుకని స్క్రిప్టు మొత్తం కొట్టేసి, ఒక నియమంతో మళ్ళీ మొదలుపెట్టాను. రికార్డు చేసినప్పుడు నిజమైనదీ, వినిపించేటప్పుడూ నిజంగానే ఉండేదీ మాత్రమే అందులో ఉండాలి.

మూడోసారి: ఏం మార్చాం

ముందుగా, ఇది రికార్డింగ్ అని ఆయన చేతే చెప్పించాను. అదీ మొదటి పదిహేను సెకన్లలోపే. యాంకర్ చెబుతాడులే అని వదిలేయలేదు. ఎందుకో సభ రోజున తేలింది, అక్కడికి వస్తాను. కొత్త మొదలు ఇది:

"నమస్కారం. నా నడుము నా మాట వినడం లేదండీ. పది నిమిషాలకు మించి కూర్చోకూడదట. అందుకని ఈ నాలుగు ముక్కలూ మంచం మీదనుంచే చెబుతున్నాను, సభకి రెండ్రోజుల ముందు. మీరు నవ్వితే నాకు వినపడదు. నవ్వండి మాత్రం."

పాతదాన్నీ దీన్నీ పక్కన పెట్టి చూడండి. రాసే తెలుగులో క్రియ చివరికి వస్తుంది, దానికి ముందు "చేస్తూ", "అయినందుకు", "ఉన్నారని" అంటూ తోకలు అతుక్కుంటూ పోతాయి. అసలు విషయం కోసం వినేవాడు చివరిదాకా వేచి ఉండాలి. కళ్ళతో చదివేటప్పుడు వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు, చెవితో వినేటప్పుడు ఆ వీలు లేదు. నోటి తెలుగులో మనం వాక్యం ముందే ముగించేసి, గుర్తొచ్చింది వెనక చేరుస్తాం: "మంచం మీదనుంచే చెబుతున్నాను, సభకి రెండ్రోజుల ముందు." ఆ వెనక చేరిన ముక్కే మనిషి అప్పటికప్పుడు ఆలోచించి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. ప్రతి వాక్యానికీ ఇలా చేస్తే విసుగు పుడుతుంది. మొత్తం స్క్రిప్టులో ఆరుచోట్ల చేశాను. దీనివల్ల ఇంకో లాభం, వాక్యాలు చిన్నవై ఆయన ఊపిరికి సరిపోయాయి. కాగితం మీద కూడా ఒక ఊపిరికి ఒక వరుస చొప్పున పెద్ద అక్షరాల్లో రాశాను.

రెండో మార్పు పొడవు. అయిదు నిమిషాలు అడిగారు, నేను మూడు నిమిషాలు దాటనివ్వనన్నాను. వేదిక మీద కదలిక లేకుండా గొంతు మాత్రమే వినిపిస్తుంటే జనం చూపు ఎక్కడ నిలపాలో తెలియక కాసేపటికి ఫోన్ల మీదికి పోతుంది. ఆయన వేగం నిమిషానికి దాదాపు తొంభై మాటలు. కాబట్టి రెండొందల యాభై మాటల దగ్గర ఆపాను. ఆయన హోదాలు, బహుమతులు అన్నీ తీసేసి యాంకర్ కాగితంలోకి మార్చాను. తన గొప్ప తనే చెప్పుకునే గొంతు ఎంత నెమ్మదైనదైనా దగ్గరగా ఉండదు.

మూడోదే అసలైనది. చదవబోయే ఆవిడ గురించి చెప్పమని పెద్దాయనను అడిగాను. "మంచి ఇంజనీరు, నిజాయితీపరురాలు" అన్నారు. అలాంటివి ఎవరి గురించైనా చెప్పొచ్చు. "ఆవిడతో ఎప్పుడైనా పోట్లాడారా?" అన్నాను. అప్పుడు నవ్వి చెప్పారు. ఆవిడ చేరిన కొత్తలో, స్తంభానికీ స్తంభానికీ మధ్య పాతిక మీటర్ల దూరం ఉన్న ఒక వంతెన దగ్గర, పైన బండ్లు నడిచే రెండు కాంక్రీటు స్లాబుల మధ్య వదిలిన సందును ఈయన తెల్లవారుజామున కొలిచి పుస్తకంలో రాశారు. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ కొలిస్తే మూడు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. టేపు సరిగ్గా పట్టుకోవడం రాదని అందరి ముందూ కేకలేశారు. ఆవిడ ఏమీ అనకుండా మర్నాడు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి, రెండు అంకెలూ ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఎండకు కాంక్రీటు సాగుతుంది, స్లాబులు పొడుగవుతాయి, సందు ఇరుకవుతుంది. పాతిక మీటర్ల కాంక్రీటు పన్నెండు డిగ్రీలు వేడెక్కితే దాదాపు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇద్దరి కొలతా సరైనదే. ఉపన్యాసం మొత్తం ఈ విషయం మీదే ఉంది. ఇంత మంచి కథ ఇంట్లోనే ఉంటే సంస్థవాళ్ళు "మహత్తర సభ" అని రాసుకొచ్చారు.

రికార్డింగ్ ఈ కథతో నడిపి, చివర ఆవిడనే పేరు పెట్టి పిలిచి ప్రశ్న వేయించాను: "ఏమ్మా, ఇన్నేళ్ళయింది కదా, ఇప్పుడు చెప్పు. ఆ రోజు తప్పెవరిది? నీదా, నాదా?" అక్కడితో ఆయన మాట అయిపోతుంది. జవాబు ఆవిడ వేదిక మీద చెప్పాలి. లైవ్ అనేది మొత్తం ఆ జవాబులోనే ఉంది. రికార్డింగ్ తను లైవ్ అని నటించడం లేదు, లైవ్‌గా ఉన్న మనిషికి మాట అందించి తప్పుకుంటోంది.

నిర్వాహకుల్లో ఒకాయనకు ఇక్కడ ఇంకో ఆలోచన వచ్చింది. ఆవిడ జవాబు చెప్పగానే పెద్దాయన నవ్వుతూ "అదీ మాట!" అన్న ముక్క ఇంకోటి వినిపిద్దామని. ఆలోచన తియ్యగానే ఉంది, నేను ఒప్పుకోలేదు. ఆవిడ ఎంతసేపు మాట్లాడుతుందో, జనం ఎంతసేపు నవ్వుతారో తెలియదు. ముక్క అర సెకను ముందు పడితే తోలుబొమ్మలాట అయిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ జవాబు ఆయన వినలేదు. వినపడదని మొదట్లో ఆయనే చెప్పారు.

రికార్డింగ్

మంచం ఉన్న గది ఆడియోకు మంచిదే. పరుపు, దుప్పట్లు, కిటికీ తెరలు ప్రతిధ్వనిని తాగేస్తాయి. ఫ్యాన్ ఆపాం, ఫోన్ విమానం మోడ్‌లో పెట్టాం. నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా చెంప పక్కగా ఫోన్ ఉంచాం. సూటిగా పెడితే "ప", "భ" పలికినప్పుడల్లా గాలి మైకుకు తగిలి ఢబ్ మంటుంది.

మొదటిసారి ఇంకా చదువుతున్నట్టే ఉంది. అప్పుడు కూతురిని మంచం పక్కన కూర్చోబెట్టి, కాగితం నేను తీసేసుకుని, "ఆ టేపు గొడవ వీరికి చెప్పండి సార్," అన్నాను. మొదటి నాలుగు వాక్యాలు, చివరి ప్రశ్న మాత్రం రాసినవి రాసినట్టు చెప్పమన్నాను. మధ్యలో కథ తన మాటల్లోనే. కూతురు ఆ కథ ఎప్పుడూ వినలేదట. "అంతమంది ముందు తిట్టారా నాన్నా?" అని అడగబోయి నోరు మూసుకుంది. ఆ మొహం చూసి ఆయన ఒక్క క్షణం ఆగి, "తిట్టానండీ, బాగానే తిట్టాను," అన్నారు. అది స్క్రిప్టులో లేదు. నాలుగోసారి తీసిన ఆ రికార్డింగే ఉంచాం.

నవ్వు వచ్చేచోట ఖాళీ వదలలేదు. ఆరుగురితో చేసిన ప్రయోగంలో చూశాను కదా, నవ్వు రాకపోతే ఖాళీ వెక్కిరిస్తుంది. బదులుగా నవ్వు తర్వాత, పోయినా ఫర్వాలేని వాక్యం ఒకటి పెట్టాను. "టేపు పట్టుకోవడం రాదన్నాను" తర్వాత "అప్పట్లో నా నోరు అలాంటిది లెండి" అని వస్తుంది. జనం నవ్వితే ఈ వాక్యం ఆ నవ్వులో మునిగిపోతుంది, నష్టం లేదు. నవ్వకపోతే అదే కథను ముందుకు తోస్తుంది.

చివరి ప్రశ్న తర్వాత రికార్డింగ్ ఆపకుండా, ఎవరూ కదలకుండా ఇరవై సెకన్లు గది నిశ్శబ్దాన్ని అలాగే తీశాం. ప్రశ్న పడగానే శబ్దం టక్కున తెగిపోతే ఫోన్ పెట్టేసినట్టు ఉంటుంది. ఈ నిశ్శబ్దంలో అవతలి మనిషి జవాబు కోసం చూస్తున్నట్టు ఉంటుంది. ఆవిడ మాట మొదలుపెట్టాక ఆపరేటర్ దాన్ని నెమ్మదిగా తగ్గించాలి.

తెర మీద ఏం చూపించాలన్నది చివరి చర్చ. సంస్థ దగ్గర పెద్దాయన ఫొటో ఉంది, కోటు వేసుకుని, వెనక నీలం రంగుతో, కింద పేరుతో. ఒకసారి ఆడియోతో కలిపి తెర మీద వేసి చూశాం. ఎవరూ ఏమీ అనలేదు కానీ అందరికీ ఒకటే తోచింది. కదలని ఫొటో, వెనక నుంచి గొంతు: సంతాప సభలా ఉంది, దండ ఒక్కటే తక్కువ. దాన్ని వెంటనే తీసేసి, పనిచోట హెల్మెట్ పెట్టుకుని గొంతుకూర్చుని టేపు పట్టుకున్న పాత ఫొటో పెట్టాం. అందులో ఆయన కెమెరా వైపు చూడడం లేదు. ఆ ఫొటోయే మేలైంది.

సభలో

కార్యక్రమం ఆలస్యమై, పొద్దున జరగాల్సింది మధ్యాహ్నానికి వెళ్ళింది. "శుభోదయం" తీసేసి "నమస్కారం" పెట్టినందుకు ఊపిరి పీల్చుకున్నాను. యాంకర్‌కు ఒకే ఒక్క వాక్యం రాసిచ్చాను, "రెండు రోజుల కిందట రికార్డు చేసి పంపారు" అని. ఆయన ఉత్సాహం కొద్దీ కాగితం పక్కన పెట్టి, "ఇప్పుడు మనతో లైన్‌లోకి వస్తున్నారు!" అనేశారు. నాకు గుండె ఆగినంత పనైంది. పదిహేను సెకన్లలోపే పెద్దాయన గొంతే "సభకి రెండ్రోజుల ముందు" అని సరిదిద్దింది. జనం నవ్వారు, ఆ వెంటనే "మీరు నవ్వితే నాకు వినపడదు" అని పడింది. నేను రాసినదానికన్నా బాగా కుదిరింది, నా ప్రమేయం లేకుండా.

ప్రశ్న వచ్చింది. ఆవిడ మైకు దగ్గరికి రావడానికి మూడు నాలుగు సెకన్లు పట్టింది. గది నిశ్శబ్దం నడుస్తోంది. జవాబు నేను రాసివ్వలేదు, ఏం చెప్పబోతున్నారో అడగలేదు కూడా. ఆవిడ తెర మీది ఫొటో వైపు తిరిగి, "మీదీ కాదు, నాదీ కాదు సార్. ఎండది," అన్నారు. ఆ మాట మీదనే ఉపన్యాసం మొదలైంది.

ఏది కుదరలేదు

ఈ పద్ధతి ప్రతిచోటా నడవదు. ప్రశ్న అందుకునే మనిషి వేదిక మీద తప్పకుండా ఉండాలి, ఆ ప్రశ్న వస్తుందని ముందే తెలిసి ఉండాలి. ఆవిడకు జ్వరం వచ్చి ఇంకెవరో చదవాల్సి వస్తే ఈ రికార్డింగ్ చెత్తబుట్టకే. అందుకని ప్రశ్న లేకుండా "ఇక మీరు వినండి" అని ముగిసే ఇంకో చివర కూడా అదే పూట తీసి పెట్టుకున్నాం. కొన్ని నెలల తర్వాత వేరే సభవాళ్ళు ఇదే ఫైలు అడిగారు. ఇవ్వలేదు. ఎవరి కోసమో చెప్పిన మాట ఇంకెవరికో వినిపిస్తే రెండో ప్రయత్నం నాటి పరిస్థితే మళ్ళీ వస్తుంది.

ఇక నా నియమాన్ని నేనే ఒకచోట దాటాను. కథ మధ్యలో పెద్దాయన తనంతట తనే, "ఆ రోజు అక్కడే ఉన్నాడు మావాడు కూడా, ముందు వరుసలోనే కూర్చుని ఉంటాడు చూడండి," అంటూ పాత స్నేహితుడి పేరు చెప్పారు. ఆ ఆప్యాయత చూసి తీసేయబుద్ధి కాలేదు. వస్తానని ఆ స్నేహితుడు ఖాయంగా చెప్పారు కూడా. అయినా జాగ్రత్తగా ఆ ముక్క లేని ప్రతి ఒకటి విడిగా చేసి అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. సభ రోజు ఆ స్నేహితుడు రాలేదు. ముందు వరుసలో ఆయన పేరు అంటించిన కుర్చీ ఖాళీగా ఉండటం నేను వెనక నుంచి చూశాను, అప్పటికి ఫైలు మొదలై నిమిషం దాటింది. పేరు వినపడగానే రెండు వరుసలవాళ్ళు ఆ కుర్చీ వైపు తిరిగారు. రెండో ప్రతి ఉందని నేను ఆపరేటర్‌కు చెప్పనే లేదు.